నాలుగు పేజీల నర్సమ్మగారు

మా ఊళ్లో మైకు సెట్లు అద్దెకిచ్చే స్నేహితుడు ఒకడుండేవాడు. పెళ్లిళ్లు, భజనలు, ఎన్నికలు, దేనికైనా వాడి హారన్లే కట్టేవారు. ఇరవై ఏళ్లు ఊరందరి చేతికీ మైకిచ్చాడు గానీ, వాడు అందులో మాట్లాడింది మాత్రం "హలో, హలో, ఒకటి రెండు మూడు" దాకానే. అలాంటివాడు ఒక పొద్దున్న మా అరుగెక్కి, చొక్కా జేబులోంచి నాలుగు పేజీలు మడత విప్పి నా ఒళ్లో పెట్టాడు.

"నర్సమ్మగారి సన్మానానికి పరిచయం నేను చేస్తానని లైబ్రరీ ప్రెసిడెంటు గారిని అడిగాను. ఒప్పుకున్నారు. మూడు నిమిషాలన్నారు. దాటితే గంట కొడతారంట. నువ్వోసారి చూడరా."

నర్సమ్మగారు ఇరవై ఆరేళ్లు మా ఊరి ఆరోగ్య సబ్‌సెంటర్లో నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. అప్పటికి గోదావరి అవతలి ఒడ్డున టౌన్లో చెల్లెలి దగ్గర ఉండేవారు. వాడు పరిచయం ఎందుకు అడిగాడో నాకు తెలుసు. పదిహేడేళ్ల కిందట వాడి మొదటి బిడ్డ ఊపిరి లేకుండా పుట్టింది. ఆవిడ చేయగలిగిందంతా చేశారు. అయినా వాడి తల్లి వీధిలోకి వచ్చి, ఆ చేతులు మంచివి కావని నలుగురూ వినేలా అంది. వాడు పక్కనే నిలబడి ఊరుకున్నాడు. ఆ తర్వాత చాలా నెలలు ఆ వీధివాళ్లు పురుడంటే ఆవిడని పిలవలేదు. తర్వాత పిలిచారు. వాడి రెండో బిడ్డని కూడా ఆవిడే చేతుల్లోకి తీసుకున్నారు. కానీ ఆ మాట మాత్రం వాడు ఆవిడ దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. ఆవిడ ఊరు వదిలి వెళ్లిపోయారు. ఇప్పుడు ఒక్కరోజుకి వస్తున్నారు. అదీ సంగతి.

నా పని చెరువుల లెక్క. చేపల చెరువులు తవ్వించేవాళ్లకి పొడవు, వెడల్పు, లోతు, గట్టు వాలు చూసి ఎంత మట్టి లేస్తుందో లెక్క కట్టి చెప్పేవాణ్ని. ఎనిమిదో తరగతితో బడి మానేసినా లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. అందుకని నా చేతికేదొచ్చినా ముందు కొలుస్తాను. వాడు మా అరుగు మీద గడియారం చూడకుండా చదివాడు. నేను చూస్తూ విన్నాను. పది నిమిషాల నలభై సెకన్లు. కాగితం తీసుకుని మాటలు లెక్కపెట్టాను. తొమ్మిది వందల పన్నెండు.

వాడు సాయంత్రం వస్తానని వెళ్లాడు. నేను ఎర్ర పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఆ రోజు చలికాలపు ఎండ కొబ్బరాకుల మధ్య నుంచి పేజీల మీద పడి కదులుతూ ఉంది. నీడ పడిన చోట అక్షరాలు నీళ్లలో ఉన్నట్టు కనిపించేవి. నాకు చాలా సుఖంగా ఉంది, నిజం చెప్పాలంటే. ఒక్కో తప్పు పట్టుకుని పక్కన నంబరు వేసుకుంటూ పోయాను. మొదటి వాక్యం ఎనిమిది లైన్లుంది, ఊపిరి చాలదు. "కరుణామయి" నాలుగుసార్లు వచ్చింది. "పదివేల పురుళ్లు పోశారు" అని ఉంది. పదివేలని ఇరవై ఆరుతో భాగిస్తే ఏడాదికి మూడు వందల ఎనభై నాలుగు, అంటే రోజుకొకటి పైనే. ఊళ్లో ఉన్న ఇళ్లకి అది అయ్యే పని కాదు. ఇలా ముప్పై ఒక్క తప్పులు తేలాయి.

సాయంత్రం వాడు వచ్చి పేజీలు చూశాడు. ఎర్ర రంగే ఎక్కువ కనిపించి ఉంటుంది. మొదటి పేజీ చూశాడు, రెండోది చూశాడు, మూడోది తిప్పలేదు.

"నీ దగ్గరికి చెరువు కొలవమని రాలేదురా," అన్నాడు.

"ఉన్న తప్పులే కదా చెప్పాను."

"ఉన్నవే. ముప్పై ఒకటి. బాగున్నది ఒక్కటి లేదా?"

నేను ఆలోచించాను. ఉంది, కానీ దానికి నంబరు వేయలేదు. నేను నోరు తెరిచేలోపే వాడు సైకిలెక్కేశాడు.

లోపల బియ్యం ఏరుతున్న మా ఆవిడ అప్పుడు మాట్లాడింది. పొద్దున్న వాడు చదువుతున్నప్పుడు తనూ వింది.

"ఏవండీ, అన్నయ్యగారు ఆ కడుపు పండని మాట ఆవిడ ముందే చదువుతారా?"

"ఏ మాట?"

"తన కడుపు పండకపోయినా ఊరి కడుపు పండించిన తల్లి అన్నారు కదా. పెళ్లి చేసుకోని మనిషిని స్టేజీ మీద కూర్చోబెట్టి, ఊరంతా కూర్చున్నాక ఆ మాటనడం ఏంటండీ?"

పేజీ తీసి చూశాను. రెండో పేజీ చివర ఆ వాక్యం ఉంది. దాని పక్కన నా ఎర్ర పెన్ను గీత లేదు. పైగా చదివినప్పుడు చాలా బాగుందనుకున్నాను. ముప్పై ఒక్క తప్పులు పట్టినవాణ్ని, ఒక మనిషికి గుచ్చుకునే దాన్ని మాత్రం వదిలేశాను.

రెండు రోజులు వాడు మా వైపు రాలేదు. మూడో రోజు నేను పొద్దున్నే రేవుకెళ్లి కూర్చున్నాను. ఆ వేళకి గోదావరి మీద మంచు లేచి, అవతలి ఒడ్డు ఉందో లేదో తెలియదు. కాసేపటికి అవతల బట్టలుతికేవాళ్లు నీడల్లా కనిపిస్తారు. చెయ్యి పైకి లేస్తుంది, బట్ట బండ మీద పడుతుంది, ఏ చప్పుడూ ఉండదు. తర్వాత, చెయ్యి మళ్లీ లేస్తూ ఉండగా, ముందు దెబ్బ చప్పుడు నీళ్ల మీదుగా వచ్చి మన చెవిలో పడుతుంది. ఆ తేడా సెకనున్నర. శబ్దం సెకనుకి మూడు వందల నలభై మీటర్లు పోతుంది కనక ఏరు అక్కడ అయిదు వందల మీటర్ల పైన ఉంటుందని నేను ఎప్పుడో లెక్క కట్టుకున్నాను. ఆ రోజు మాత్రం ఏరు వెడల్పు మీదికి మనసు పోలేదు. అన్న మాట అవతలికి చేరడానికి పట్టే కాలం గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. సెకనున్నరలో చేరేవి ఉంటాయి, పదిహేడేళ్లయినా చేరనివీ ఉంటాయి.

మధ్యాహ్నం వాడి కొట్టుకెళ్లాను. హారన్లు నేల మీద పెద్ద ఉమ్మెత్త పువ్వుల్లా పడి ఉన్నాయి. వాడు ఆంప్లిఫయర్ వెనక మూత తీసి దుమ్ము ఊదుతున్నాడు. తలెత్తలేదు.

"పెన్ను తేలేదు," అన్నాను.

"జేబు చూపించు."

చూపించాను. నవ్వాడు.

"నువ్వు చదువు, నేను వింటాను. అసలు ఆ సభ అయ్యాక ఇంటికెళ్లేవాళ్లకి ఏం గుర్తుండాలనుకుంటున్నావో ముందు చెప్పు," అన్నాను. ఆ ప్రశ్న మొదటి రోజే అడగాల్సింది.

వాడు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. "ఆవిడ మంచి చేతులున్న మనిషని," అన్నాడు.

టేప్‌రికార్డర్లో ఖాళీ క్యాసెట్ పెట్టి నాలుగు పేజీలూ చదివాడు. తర్వాత తలుపు దగ్గరగా వేసి ఇద్దరం విన్నాం. ఎండ చారలు దుమ్ములో తేలుతున్నాయి. టేపులోంచి వాడి గొంతు వాడిది కానట్టు, ఎక్కడో పక్క ఊరి సభలోంచి గాలికి వస్తున్నట్టు వచ్చింది. మొదటి వాక్యం సగంలో వాడు ఊపిరి లాగిన చప్పుడు మాటల కంటే గట్టిగా వినపడింది.

"అది నేనేనా? మునిగి తేలినోడిలా ఉన్నాను."

"వాక్యం పొడుగు. రెండు చేస్తే?"

"రెండేంటి, నాలుగు చేయాలి. సభకి రెండు హారన్లు పెడతాను, ఒకటి స్టేజీ దగ్గర, ఒకటి రేవు రోడ్డు మీద. ఆగకుండా చదివితే మాట మీద మాట పడుద్ది. ఊళ్లో అందరికీ చెప్తాను, ఆగి మాట్లాడండి అని. నాకు నేను చెప్పుకోలేదు."

రెండు హారన్లకీ మధ్య నూట డెబ్భై మీటర్లుంటుంది. అంటే ఒక హారన్ పక్కనున్నవాడికి రెండోదాని మాట అర సెకను ఆలస్యంగా వినపడుతుంది. ఆ లెక్క చెప్పాను. ఈసారి వాడికి పనికొచ్చింది. వాక్యం చివర అర సెకను కంటే ఎక్కువ ఆగాలని పెన్సిలుతో చిన్న గీతలు పెట్టుకున్నాడు. అలా ఆగుతూ చదివితే మూడు నిమిషాల్లో రెండు వందల యాభై మాటల కంటే పట్టవు.

"అంటే నాలుగు పేజీల్లో మూడు పోవాలా?"

"ఏవి పోవాలో నేను చెప్పను. నాకు గుర్తున్నది చెప్తాను. వానలో వస్తుంటే ఆవిడ గొడుగు తనకి కాకుండా చేతిలో సంచికి పట్టేవారని మూడో పేజీలో రాశావు. లోపల కత్తెరా దూదీ తడవకూడదని. అది విన్నాక ఇంకేమీ గుర్తులేదు నాకు. కరుణామయి ఒక్కసారి కూడా గుర్తులేదు."

వాడు మూడో పేజీ తీసి ఆ వాక్యం వేలితో వెతుక్కున్నాడు. "ఇదా? ఇది ఊరికే రాశాను."

"ఇది ముందుకి తెచ్చుకుంటావా?"

"చూద్దాం."

కడుపు పండని మాట గురించి మా ఆవిడ అన్నది అన్నట్టే చెప్పాను. వాడి మొహం నల్లబడింది. ఆ వాక్యం కొట్టేశాడు. ఇంకొక్కటే మిగిలింది. దాన్ని చివరికి ఉంచుకున్నాను. నాలుగో పేజీలో, "కొందరు అజ్ఞానులు నిందలు వేసినా చెక్కుచెదరని ధైర్యంతో" అని ఉంది.

"ఈ కొందరు ఎవరురా?"

కొట్టు ముందు నుంచి ఎవరిదో ఎద్దుబండి పోయింది. వాడు అది మలుపు తిరిగేదాకా చూశాడు.

"నీకు తెలుసు కదా."

"నాకు తెలుసు. వినేవాళ్లలో సగం మందికి తెలుసు. ఆవిడకి తెలుసు. అందుకే అడిగాను."

ఆ రాత వాడే మార్చాడు. మర్నాడు తెచ్చి చూపించాడు. చిన్న చిన్న వాక్యాలు. "మా ఇంట్లో ఒక బిడ్డ దక్కలేదు. అందులో ఆవిడ తప్పు లేదు. ఆరోజు మా అమ్మ ఒక మాట అంది. నేను పక్కనే ఉండి ఊరుకున్నాను. ఆ మాట తప్పు." చదివాను. అంతా నిజం, ఒక్క మాట ఎక్కువ లేదు. కానీ ఇదెవరి పరిచయం, ఆవిడదా నీదా అని అడగాలనిపించింది. అడిగాను కూడా.

"రెండూనేమో," అన్నాడు. "ఊరందరి ముందు అన్న మాట. ఊరందరి ముందే తీసుకోవాలి."

నాకు తోచిన ఒక సలహా ఇచ్చాను. పరిచయం చివర, ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్లంతా చేతులెత్తండి అని అడిగితే సభ సభంతా చేతులే కనిపిస్తాయి, బాగుంటుంది కదా అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. "మా ఇంట్లోలాంటిది ఇంకో మూడు నాలుగిళ్లలో జరిగిందిరా. ఆ తల్లులు కూడా వచ్చి కూర్చుంటారు. వాళ్లెటు చూడాలి అప్పుడు?" అన్నాడు. నా సలహా అక్కడితో పోయింది. పోవడమే మంచిదైంది.

ఆవిడ పుట్టిన ఊరూ, ఉద్యోగంలో చేరిన ఏడాదీ సరిచూసుకోవాలి. ఆవిణ్ని అడక్కుండా చదవడం తప్పని ఇద్దరికీ తోచింది. ఆదివారం పొద్దున్న పంటెక్కాం. మనుషుల్నీ సైకిళ్లనీ లారీలనీ కలిపి ఏరు దాటించే ఆ పెద్ద పడవ మంచులోకి వెళ్లాక ఇటు ఒడ్డూ లేదు, అటు ఒడ్డూ లేదు. ఇంజను చప్పుడు కూడా దూదిలో చుట్టినట్టు ఉంది. వాడు రైలింగు పట్టుకుని పెదాలు కదుపుతున్నాడు. నీళ్లలోకి చదువుతున్నాడనుకున్నాను. మధ్యలో ఒకచోట పెదాలు ఆగిపోయేవి, మళ్లీ మొదటినుంచి.

నర్సమ్మగారు అరుగు మీద కూర్చుని ఆకుకూర కోస్తున్నారు. జుట్టు బాగా నెరిసింది.

"ఏమయ్యా మైకూ, దారి తప్పి వచ్చావా?" అన్నారు.

"లేదండి. మీ గురించి రాశానండి. తప్పులుంటే చెప్తారని."

"నా గురించి నువ్వు రాస్తే నేను దిద్దాలా? బాగుంది." చేతులు తుడుచుకుని కళ్లద్దాలు పెట్టుకున్నారు. పెన్సిలు అడిగి తీసుకున్నారు.

వాడి అక్షరాలు గుండ్రంగా, పెద్దగా ఉంటాయి. అయినా ఆవిడ చాలా నెమ్మదిగా చదివారు. "నేను పెనుగొండలో పుట్టలేదయ్యా. అక్కడ పెరిగాను. పుట్టింది పెద్దాపురం." దిద్దారు. "మీ ఊరికి తుపాను వచ్చిన ఏడాది కాదు, ఆ మరుసటేడు వచ్చాను." దిద్దారు. గొడుగు దగ్గర నవ్వుకున్నారు. "దూది తడిస్తే ఎందుకు పనికొస్తుంది మరి," అన్నారు.

పురుళ్ల సంఖ్య దగ్గర వాడు ఖాళీ వదిలి చుక్కలు పెట్టాడు. నేను ఉండబట్టలేక అడిగాను. "ఎన్నో చెప్తే వేసుకుంటామండి."

"రిజిస్టర్లో ఉంటాయి. నేనెప్పుడూ కూడలేదు."

"ఒక్కసారైనా కూడలేదాండి?"

"పిల్లల్ని లెక్కపెట్టకూడదనేది మా అమ్మ. అదొకటి. కూడటం మొదలుపెడితే తీసివేతలు కూడా చేయాలి కదా బాబూ. నాకు ఓపిక లేదు." ఆ చుక్కల మీద మెల్లగా గీత గీశారు. ఆ క్షణాన నాకు ఏ సంఖ్యా గుర్తు రాలేదు.

తర్వాత పేజీ తిప్పారు. అందులో ఆ అయిదు వాక్యాలున్నాయి. చెల్లెలుగారు లోపల గిన్నెలు సర్దుతున్నారు. ఆవిడ చదివారు. మళ్లీ మొదటికి వెళ్లి చదివారు. వాడు నేల చూస్తున్నాడు.

"ఇది నాకు రాశావా, ఊరికి రాశావా?"

"ఊరందరూ విన్న మాట కదండి. అందరి ముందే చెప్దామని."

"మీ అమ్మగారు వస్తారా సభకి?"

"వస్తుందండి. ముందు కుర్చీ వేయమంది."

"ఆవిడకిప్పుడు ఎంత?"

"ఎనభై దాటిందండి."

"ముందు కుర్చీలో కూర్చోబెట్టి, రెండు హారన్లు పెట్టి, కన్నతల్లికి ఈ మాట వినిపిస్తావా?" గొంతు పెంచలేదు. "బిడ్డ పోయిన ఇంట్లో పెద్దవాళ్లు ఏదో ఒకటి అంటారు. ఎవరినో ఒకర్ని అనాలి. నేను దగ్గరున్నాను. ఆవిడ అన్నదానికి నేను బాధపడ్డాను, అది నిజం. నువ్వు మాట్లాడలేదని ఇంకా బాధపడ్డాను, అదీ నిజం."

వాడు కళ్లు తుడుచుకోవడం నేను చూడలేదు. ఆకుకూర కట్ట వైపు చూస్తూ కూర్చున్నాను.

"ఇప్పుడు మాట్లాడావు. చాలు," అన్నారు. ఆ పేజీ మిగిలినవాటి నుంచి విడదీసి మడిచి తన కళ్లద్దాల డబ్బాలో పెట్టుకున్నారు. "ఇది నా దగ్గర ఉంటుంది. మిగతాది చదువుకో. కాఫీ తాగి వెళ్లండి."

తిరుగు పంటు మీద మంచు విడిపోయింది. రెండు ఒడ్లూ కనిపిస్తున్నాయి. వాడు జేబులోంచి పెన్ను తీసి, పోయిన పేజీకి బదులు ఒక కాగితం మోకాలి మీద పెట్టి ఏదో రాసుకున్నాడు. నేను అడగలేదు. అప్పటికి ఊరుకోవలసిన చోటు ఎక్కడో కొంచెం నేర్చుకున్నాను.

సభ శనివారం సాయంత్రం జరిగింది. ఇంకా వెలుతురుంది. గోదావరి గాలికి షామియానా ఉబ్బుతూ తగ్గుతూ, మొత్తం సభ నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుంది. ప్రెసిడెంటు గారు గంట పక్కనే పెట్టుకున్నారు. ముందు వరసలో వాడి తల్లి కర్ర మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుంది. వాడు మైకు ముందు నిలబడి, అలవాటు కొద్దీ "హలో" అన్నాడు. జనం నవ్వారు. ఆ నవ్వుతో వాడి భయం కొంచెం సర్దుకుంది.

"వానలో ఆవిడ గొడుగు తనకి పట్టుకునేవారు కాదు," అని మొదలుపెట్టాడు. ఆగాడు. రేవు రోడ్డు హారన్ కూడా ఆ మాట అని ఊరుకుంది. "చేతిలో సంచికి పట్టేవారు." పెద్దాపురం, పెనుగొండ, తుపాను మరుసటేడు, అన్నీ సరిగ్గా పడ్డాయి. ఎక్కడా పదివేలు లేవు. నేను గడియారం చూస్తూనే ఉన్నాను కానీ మధ్యలో ఒకచోట చూడటం మానేశాను. పంటు మీద రాసుకున్నది అక్కడ వచ్చింది.

"మంచి జరిగిన ఇంటికి అందరూ వస్తారు. మంచి జరగని ఇంటికి కూడా ఆవిడ మర్నాడు వచ్చి పలకరించేవారు. మా ఇంటికీ వచ్చారు. మేం కూర్చోమనలేదు. నిలబడే పలకరించి వెళ్లారు."

వాడి తల్లి కర్రని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. నర్సమ్మగారు స్టేజీ మీద ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. వాడు చివరి వాక్యం చదివి, దండం పెట్టి దిగాడు. గంట మోగలేదు.

శాలువా కప్పడం, దండలు, ఫొటోలు అయ్యాక జనం లేచారు. వాడి తల్లి లేవలేదు. నర్సమ్మగారు మెట్లు దిగి వచ్చి ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నారు. వాడు ఆంప్లిఫయర్ దగ్గరికి గబగబా వెళ్లి మైకు ఆఫ్ చేశాడు. నేను వెనక కుర్చీలు మడుస్తున్నాను కనక వినపడింది.

"మోకాళ్లు ఎలా ఉన్నాయండి?" అన్నారు నర్సమ్మగారు.

"ఉన్నాయి తల్లీ. లేవనివ్వవు," అంది ముసలావిడ. కర్ర కుర్చీకి ఆనించి, "ఆరోజు నిన్ను కూర్చోమనలేదు," అంది.

"ఇప్పుడు కూర్చున్నాను కదండీ," అన్నారు నర్సమ్మగారు. శాలువా తీసి మడత పెట్టుకుని, "ఆ మోకాలు ఇటు చాపండి, చూస్తాను," అని కిందికి వంగారు.